గోడపత్రిక గదిలో గొడవ: పోటీ నాటిక రాస్తున్నప్పటి డైరీ

సోమవారం

పోటీ నియమాల కాగితం చేతికొచ్చింది. నాటిక 15 నిమిషాలు దాటకూడదు. స్టేజీ మీద కనీసం ముగ్గురు కనపడాలి. సామాను పెట్టడం, తీయడం కూడా ఆ 15 నిమిషాల్లోనే. ఈ మూడో నియమాన్ని చాలామంది పైపైన చదివి వదిలేస్తారు. బల్ల, బోర్డు మోసుకొచ్చి పెట్టడానికి ఒక నిమిషం, తీయడానికి ఇంకో నిమిషం తీసేస్తే మిగిలేది 13. పిల్లలు ఎక్కడో ఒకచోట మాట మర్చిపోతారు, ప్రేక్షకులు నవ్వితే ఆగాల్సి వస్తుంది. అందుకని 11 నిమిషాలకి సరిపడా రాయాలని లెక్క వేసుకున్నాను. అంటే ఒకే చోటు, ఒకే సాయంత్రం, లైట్లు ఆర్పకుండా ఒకే సీను. "మరుసటి రోజు" అని తెర వేసుకునే వెసులుబాటు ఇక్కడ లేదు.

పిల్లల్ని విషయాలు చెప్పమన్నాను. చెట్లు నరకొద్దు, సెల్‌ఫోన్ వాడకం తగ్గించాలి, కాపీ కొట్టకూడదు... జాబితా పెద్దదే అయింది. వీటిలో తప్పేమీ లేదు, కానీ ఇవన్నీ అభిప్రాయాలు. అభిప్రాయాన్ని తీసుకుని నాటిక రాస్తే ఒకడు మంచి మాటలు చెబుతాడు, ఇంకొకడు చివరిదాకా తప్పు చేసి ఆఖర్లో తల దించుకుంటాడు. ఎవరు గెలుస్తారో మొదటి నిమిషంలోనే హాలంతటికీ తెలిసిపోతుంది. ఆ తర్వాత పది నిమిషాలు ఎందుకు కూర్చోవాలి?

అందుకే బోర్డు మీద ఒక వాక్యం రాసి ఖాళీలు నింపమన్నాను. "ఫలానావాడికి ఈ గదిలో ఫలానాది కావాలి. ఇంకొకరికి దానికి అడ్డంగా ఇంకోటి కావాలి. ఒకటి జరిగితే రెండోది జరగదు. ఫలానా సమయంలోపు తేలిపోవాలి." చెట్ల నాటిక ఈ ఖాళీల్లో పట్టలేదు. సెల్‌ఫోన్ కొంచెం పట్టింది గానీ, అమ్మ చేతిలోంచి ఫోను లాక్కోవడం తప్ప ముందుకి కదల్లేదు. చివర్లో ఒక తొమ్మిదో తరగతి అమ్మాయి, "టీచర్, గోడపత్రికలో ఒక కాగితం పెట్టాలా వద్దా అని ఇద్దరు కొట్టుకుంటే?" అంది. ఖాళీలు చకచకా నిండాయి. ఒకరికి కాగితం బోర్డు మీద ఉండాలి. ఇంకొకరికి అది జేబులో ఉండాలి. కాగితం ఒక్కటే, రెండు చోట్లా ఉండలేదు. తాళాలు వేసే తాత వచ్చేలోపు తేలాలి.

మంగళవారం

సుధ గోడపత్రిక ఎడిటర్, పదో తరగతి. వాసు ఆమె స్నేహితుడు, బొమ్మలు వేసేవాడు. పెట్టెలో ఎవరో పేరు లేకుండా ఒక కాగితం వేశారు. బడిలో ఒక లోపం గురించి. రేపు వార్షికోత్సవం, పత్రిక అందరూ చూస్తారు. సుధ పెట్టాలంటుంది, వాసు వద్దంటాడు.

మరి వాసు ఎందుకు వద్దంటాడు? "హెడ్మిస్ట్రెస్ గారు తిడతారు" అనేది ఎవరికైనా మొదట తట్టే కారణం. దానితో ఒక పేజీ రాసి చూశాను. వాసు పిరికివాడిగా, సుధ ధైర్యవంతురాలిగా మిగిలారు. తూకం మొత్తం ఒకవైపే. చూసేవాళ్లు సుధ పక్షాన చేరిపోయి హాయిగా కూర్చుంటారు. గొడవ స్పష్టంగా ఉండటం అంటే ఎవరిది తప్పో స్పష్టంగా ఉండటం కాదు. ఇద్దరికీ ఏం కావాలో స్పష్టంగా ఉండాలి, అంతే. ఇద్దరి కారణాలూ ఒప్పుకోదగ్గవే అయినప్పుడు ప్రేక్షకుడు ఒకసారి ఇటు, ఒకసారి అటు ఊగుతాడు.

అందుకని వాసుకి బలమైన కారణం వెతికాను. ఆ కాగితం మీద ఉన్నది వాళ్ల చెల్లి చేతిరాత. చిట్టి, ఆరో తరగతి. సున్నా రాసిన ప్రతిచోటా లోపల చుక్క పెట్టే అలవాటు ఆ పిల్లకి. టీచర్లందరూ ఎప్పుడో ఒకప్పుడు దాని గురించి తిట్టినవాళ్లే. పేరు లేకపోయినా రాసిందెవరో బడిలో అందరికీ తెలిసిపోతుంది. చెల్లిని కాపాడుకోవాలనుకునే అన్న, నిజం బయటపెట్టాలనుకునే ఎడిటర్. ఇప్పుడు తూకం సరిపోయింది.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. వాసు సంగతి చెప్పేస్తే సుధ, "అయితే నా చేత్తో తిరగరాస్తాను" అంటుంది. రెండు నిమిషాల్లో నాటిక అయిపోతుంది. సులువైన పరిష్కారం ఉన్న గొడవ ఎంతసేపు అరిచినా గొడవ కాదు, ప్రేక్షకుడు మనసులో "అడగొచ్చుగా" అనుకుంటూ ఉంటాడు. కాబట్టి వాసు చెప్పకూడదు. చెల్లి రహస్యం ఎవరికి చెప్పినా అది రహస్యం కాదు కదా, అందుకని దాస్తాడు. సుధకి తెలియదు. కానీ ప్రేక్షకులకి తెలియాలి. వాళ్లకీ తెలియకపోతే వాసు ఉత్త మొండివాడిలా కనిపిస్తాడు.

పాత పద్ధతిలో అయితే ఇక్కడ స్వగతం పెట్టేవాళ్లం. "అయ్యో, ఇది మా చిట్టి రాత!" అని ప్రేక్షకుల వైపు తిరిగి అనడం. ఈ కాలపు గదిలో, పక్కనే ఇంకో మనిషి నిలబడి ఉండగా అది నప్పదు. మాట లేకుండా ఎలా చెప్పాలో రేపు ఆలోచించాలి.

బుధవారం

దారి దొరికింది. వాసు భుజాన చెల్లి బ్యాగు ఉంటుంది. సుధ అటు తిరిగి ఉన్నప్పుడు ఆ బ్యాగులోంచి నోటుపుస్తకం తీసి, బోర్డు మీది కాగితం పక్కన పెట్టి చూస్తాడు. మళ్లీ కాగితం, మళ్లీ పుస్తకం. సుధ ఇటు తిరిగేసరికి పుస్తకం బ్యాగు అడుగుకి తోసేస్తాడు. చేతిరాత ఏ వరసలో కూర్చున్నవాళ్లకీ కనపడదు. పోల్చి చూడటం మాత్రం ఆఖరి వరసకి కూడా కనపడుతుంది.

బ్యాగుతో పాటు నీళ్ల బాటిల్ కూడా తెప్పించాను. దాని పని ఆఖర్లో ఉంది, కానీ మొదట్లోనే మాటల్లో మాటగా పడిపోవాలి. ప్రేక్షకుడు దాన్ని విని మర్చిపోవాలి, అవసరమైనప్పుడు గుర్తుకి రావాలి. మొదలు ఇలా వచ్చింది:

(బడిలో గోడపత్రిక గది. సాయంత్రం. కుడివైపు వెనకగా, ప్రేక్షకులకి ఏటవాలుగా నోటీసు బోర్డు. దాని నిండా రంగు కాగితాలు, మధ్యలో ఒక్క జాగా ఖాళీ. ఎడమవైపు ముందుగా బల్ల, కుర్చీ. బల్ల మీద పెన్నులు, తెల్లకాగితాలు, పిన్నుల రేకు డబ్బా. ఎడమవైపు వెనక తలుపు. సుధ ఖాళీ జాగాలో ఒక పెద్ద కాగితం ఆనించి పిన్నులు గుచ్చుతోంది. వాసు వస్తాడు. భుజాన రెండు బ్యాగులు, ఒకటి చిన్నపిల్లది. చేతిలోని నీళ్ల బాటిల్‌ని బల్ల మీద దబ్బున పెడతాడు.)

వాసు: ఆరో తరగతికి ఇంత బరువేంటో! పైగా ఈ బాటిల్ ఒకటి. పొద్దున నింపి ఇస్తే సాయంత్రం అంతే నిండుగా తిరిగొస్తుంది. మోయడానికి నేనున్నాగా.

సుధ: (తిరగకుండా) చిట్టి ఏది?

వాసు: గ్రౌండులో కూర్చుంది. రోజూ ఉండేదే, తలనొప్పట. ఇంకా అవలేదా నీ పని?

సుధ: ఇదొక్కటే. పెట్టెలో ఎవరో వేశారు. పేరు లేదు.

బోర్డు ఏటవాలుగా ఎందుకంటే, నేరుగా ప్రేక్షకుల వైపు పెడితే పిన్ను గుచ్చే మనిషి వీపు తప్ప ఇంకేం కనపడదు. పక్కకి పూర్తిగా తిప్పితే కాగితం కనపడదు. మధ్యస్థంగా పెడితే ముఖంలో సగమైనా, కాగితం మొత్తం కనిపిస్తాయి. కుడి ఎడమలు ఎప్పుడూ ప్రేక్షకుల వైపు తిరిగి నిలబడిన నటుడివే. ఇది స్క్రిప్టు మొదటి పేజీలో రాసి పెట్టాను. లేకపోతే రిహార్సల్లో సగం సమయం "ఎవరి కుడి?" అన్న గొడవతోనే పోతుంది.

బల్ల, బోర్డు ఎదురెదురు మూలల్లో ఉండటం కూడా కావాలనే. కాగితం చేతిలో ఉన్నవాడు బోర్డు నుంచి దూరంగా వెళ్లాలి, రెండోవాళ్లు వెంటపడాలి. అన్నీ ఒకేచోట పెడితే పిల్లలు పక్కపక్కన నిలబడి పద్యం అప్పజెప్పినట్టు మాటలు అప్పజెబుతారు.

శుక్రవారం

మధ్యభాగం రాశాను. తొలి రూపంలో ఒక ముక్క:

సుధ: నిజం చెప్పడానికి భయపడకూడదు వాసూ. పత్రిక ఉన్నదే అందుకు.

వాసు: నిజం అన్నిసార్లూ మంచి చెయ్యదు సుధా. తర్వాత ఏమవుతుందో కూడా ఆలోచించాలి.

చదవడానికి బాగానే ఉంది. వక్తృత్వ పోటీకి పంపితే బహుమతి కూడా రావచ్చు. నాటికలో మాత్రం ఇక్కడ బండి ఆగిపోతుంది. కారణం, ఇద్దరూ కాగితాన్ని వదిలేసి నిజం గురించి మాట్లాడుతున్నారు. ఆ కాగితం అక్కడ లేకపోయినా ఈ మాటలు మారవు. ఇలాంటి చోట్లు గుర్తుపట్టడానికి నేను చేసేది ఒకటే. ప్రతి మాట పక్కన మార్జిన్‌లో ఆ మాటతో ఆ మనిషి ఎదుటివాళ్లని ఏం చెయ్యాలని చూస్తున్నాడో ఒక్క క్రియతో రాస్తాను. పంపించడం, ఆపడం, ఆశ పెట్టడం, బెదిరించడం, తప్పించుకోవడం. "చెప్పడం" అనో "వివరించడం" అనో రాయాల్సి వస్తే ఆ మాట కొట్టేస్తాను. పై రెండింటి పక్కనా "వివరించడం" తప్ప ఇంకేం రాయలేకపోయాను. తీసేసి ఇలా రాశాను:

వాసు: నువ్వెళ్లు. మిగతావి నేను గుచ్చేస్తాను.

సుధ: ఇంకొక్క పిన్నే కదా, అదీ గుచ్చేశాను.

వాసు: (కాగితానికి అడ్డంగా వచ్చి) వంకరగా ఉంది. తీసి మళ్లీ పెడదాం.

సుధ: తిన్నగానే ఉంది. జరుగు.

వాసు: తీసి పెడదామన్నానుగా.

సుధ: వాసూ, జరుగు.

(వాసు జరగడు. వెనక్కి చెయ్యి పెట్టి, ఆమె వైపే చూస్తూ, పై పిన్ను పీకి రేకు డబ్బాలో వేస్తాడు.)

మార్జిన్‌లో: పంపించడం, తోసిపుచ్చడం, సాకు చెప్పడం, తరమడం. ఒక్క మాట కూడా నిజం గురించి కాదు. అయినా ఇద్దరిలో ఎవరికేం కావాలో చిన్నపిల్లకి కూడా అర్థమవుతుంది.

పిన్నుల సంగతి కాస్త రాయాలి. (మౌనం) అని స్క్రిప్టులో రాస్తే బడి పిల్లలు దాన్ని ఊపిరి పీల్చుకునేంతసేపు కూడా ఉంచరు. టెన్షన్‌లో తర్వాతి మాట మీదికి దూకేస్తారు. "మూడు సెకన్లు ఆగు" అంటే లోపల లెక్కపెడుతున్నట్టు ముఖంలో తెలిసిపోతుంది. మౌనానికి ఒక పని ఇస్తే అదే సరైన పొడవుకి వస్తుంది. వాసు నాలుగు పిన్నులూ పీకాలి. ఒక్కొక్కటి రేకు డబ్బాలో పడినప్పుడు చప్పుడు. మొదటి దానికి సుధ నవ్వులాటనుకుంటుంది. రెండో దానికి నవ్వు పోతుంది. మూడోదానికి అతని మణికట్టు పట్టుకుంటుంది. నాలుగోది అతను రెండో చేత్తో పీకేస్తాడు. ఇంతసేపూ ఎవరూ మాట్లాడరు, కానీ ఏం జరుగుతోందో అందరికీ తెలుస్తుంది. మైకు బల్ల దగ్గర పెడితే ఆ చప్పుడు దూరానికీ వినిపిస్తుంది. డబ్బా బల్ల మీద ఉంటే వాసుకి అందదు కాబట్టి, సుధ దాన్ని ముందే బోర్డు కింది చెక్క మీదికి తెచ్చుకున్నట్టు ఒక సూచన కలిపాను. మైకు కూడా అటే జరగాలి. ఒక చిన్న వస్తువు చోటు మారితే ఇన్ని మారాలి.

శనివారం

రంగసూచనలు సవరించే రోజు. స్క్రిప్టు మొత్తం ఎర్ర పెన్నుతో చదివి, ప్రతి బ్రాకెట్ దగ్గరా ఒకటే అడిగాను: ఇది ప్రేక్షకుడికి కనపడుతుందా, వినపడుతుందా?

"(వాసుకి చిన్నప్పుడు చెల్లెలు తప్పిపోయిన రోజు గుర్తుకొస్తుంది)" అని ఒకచోట ఉంది. గుర్తుకి రావడం కనపడదు. నటుడు పైకి చూస్తాడు, అంతకన్నా చెయ్యగలిగింది లేదు. పూర్తిగా కొట్టేశాను. "(సుధ తీవ్రమైన మానసిక సంఘర్షణకి లోనవుతుంది)" అనేదీ అలాంటిదే. దాని బదులు "(సుధ తలుపు దాకా వెళ్లి, గడియ మీద చెయ్యి వేసి, వెనక్కి వస్తుంది)" అని రాశాను.

ఇక (కోపంగా), (బాధగా), (వెటకారంగా) లాంటివి. ఇవి మాటకి ముందు ఉంటే పిల్లలు దాన్నే నటిస్తారు. కోపంగా అంటే గొంతు పెంచడం, బాధగా అంటే తల వంచడం. మాటలోనే కోపం ఉంటే ఆ బ్రాకెట్ అనవసరం, మాటలో లేకపోతే బ్రాకెట్ దాన్ని తెచ్చిపెట్టలేదు. దాదాపు అన్నీ తీసేశాను. ఒక్కచోట ఉంచాను. సుధ "నీ ఇష్టం" అంటుంది. రాతలో అది ఒప్పుకున్నట్టు ఉంటుంది, కానీ ఆమె ఒప్పుకోవడం లేదు. అక్కడ (ఒప్పుకోకుండా) అని ఉండాలి. మాట ఒకటి చెబుతూ మనసు ఇంకోటి అంటున్నప్పుడు మాత్రమే ఆ బ్రాకెట్‌కి పని ఉంటుంది.

సంస్కృత నాటకాల్లో రంగసూచనలు చాలావరకు "ప్రవేశిస్తాడు", "నిష్క్రమిస్తాడు", "అని లేస్తాడు" అన్నంత క్లుప్తంగా ఉంటాయి. మిగతాదంతా మాటల్లోనే ఉంటుంది. బడి నాటిక రాసేటప్పుడు ఆ పొదుపు నాకు నచ్చుతుంది. దర్శకుడికి, లైట్లు వేసేవాళ్లకి, నటుడికి ఎవరి పని వాళ్లకి వదలాలి. "(నీలిరంగు కాంతి మెల్లగా కమ్ముకుంటుంది)" అని రాస్తే, అక్కడ ఉన్న లైట్లు వెలగడం, ఆరడం తప్ప ఇంకేం చెయ్యలేవని తెలిసిన రోజు నాటిక అక్కడ కుంటుతుంది. నా స్క్రిప్టులో వెలుగు మొదట్లో ఒకసారి వస్తుంది, ఆఖర్లో ఒకసారి పోతుంది.

ఆదివారం

గొడవ ముదరాల్సిన చోటు. సుధ చేతిలో ఇంకా ఆయుధం లేదు, వాసు ఊరికే అడ్డుపడుతున్నాడు. ఇలా ఇద్దరూ ఒకే మెట్టు మీద నిలబడి "ఇవ్వు", "ఇవ్వను" అంటూ ఉంటే మూడో నిమిషానికే విసుగొస్తుంది. ప్రతి ఘట్టంలో ఏదో ఒకటి వెనక్కి తీసుకోలేనట్టుగా మారాలి. మొదట పిన్నులు పోయాయి, అవి మళ్లీ గుచ్చొచ్చు. తర్వాత మాట జారాలి, అది కొంచెం కష్టం. ఆ తర్వాత కాగితం చిరగాలి.

మాట జారే చోటు:

సుధ: రేపు ఉత్తమ విద్యార్థి మెడల్ నీకే కదా.

వాసు: అయితే?

సుధ: ఇచ్చేది హెడ్మిస్ట్రెస్ గారే కదా.

వాసు: దానికీ దీనికీ ఏంటి సంబంధం?

సుధ: నువ్వే చెప్పు.

ప్రేక్షకుడికి అసలు కారణం తెలుసు కాబట్టి సుధ మాట అన్యాయమని తెలుస్తుంది. సుధకి తెలియదు కాబట్టి ఆమెని తప్పుపట్టలేం. ఇక్కడ ఊగిసలాట బాగా పనిచేస్తుంది. పైగా ఈ మెడల్ ఊరికే వచ్చింది కాదు. ఆఖర్లో వాసు ఏం చేస్తే అతనికి నష్టమో దానికి ఇక్కడే పునాది పడింది.

ఇప్పుడు చిరగడం. వాసు పై అంచు పట్టుకుంటాడు, సుధ కింది అంచు. లాగుతారు. చెప్పడానికి సులువే గానీ, దళసరి చార్టు కాగితాన్ని రెండు చేతులతో ఎదురెదురుగా లాగితే చిరగదు. చీలిక ఎక్కడో మొదలైతేనే చిరుగుతుంది, లేకపోతే ఎవరి చేతిలోంచో జారిపోతుంది. పోటీ రోజున అది జారితే నాటిక నవ్వులపాలు. అందుకని కాగితాన్ని అడ్డంగా మడిచి, మడత వెంట రెండు అంచుల నుంచీ లోపలికి కత్తిరించి, మధ్యలో నాలుగు వేళ్ల వెడల్పు మాత్రం వదిలాను. గుచ్చినప్పుడు విడిపోకుండా నిలుస్తుంది, లాగితే అక్కడే తెగుతుంది. దూరానికి కత్తిరింపు కనపడదు. రిహార్సల్లో పాత న్యూస్‌పేపర్లతో చేయించి, చార్టు కాగితంతో చివరి రిహార్సల్‌లో మాత్రం చేయిస్తాను.

చిరుగు అడ్డంగానే ఉండాలని పట్టుబట్టడానికి వేరే కారణం ఉంది. కాగితంలో ఏముందో ఇప్పటిదాకా నాటికలో ఎవరూ పైకి చదవలేదు. సుధ చదివింది. వాసు చేతిరాత చూశాడే గానీ మొదటి లైను దాటలేదు. సుధ పైకి చదవబోయిన చోట తాత తాళాల గుత్తితో వచ్చి, "అవతలి గదులు మూసొస్తాను, ఈలోపు తెమలండి" అని అడ్డం పడతాడు. కాగితం అడ్డంగా చిరిగితే పై సగం వాసు దగ్గర, కింది సగం సుధ దగ్గర ఉంటాయి. ఆఖరి వాక్యం ఇద్దరి మధ్యా తెగుతుంది.

సోమవారం

ఆ ఘట్టం రాశాను. చిరిగాక వాసు నోరు జారి చిట్టి పేరు చెప్పేస్తాడు. సుధ ఒక్క మాటే అడుగుతుంది.

సుధ: నువ్వసలు చదివావా?

(వాసు జేబులో కుక్కిన సగం తీసి మడత విప్పుతాడు.)

వాసు: "అమ్మాయిల బాత్రూమ్ తలుపుకి గొళ్లెం ఊడిపోయింది. ఎప్పటి నుంచో లేదు. ఒకళ్లు లోపలికెళ్తే ఒకళ్లు బయట కాపలా ఉండాలి. నాకు కాపలా ఉండేవాళ్లు లేరు. అందుకని నేను..."

(ఆగుతాడు. కాగితం అక్కడితో అయిపోయింది.)

సుధ: (తన చేతిలోని సగం చూసి) "...పొద్దున్నుంచి సాయంత్రం దాకా నీళ్లు తాగను."

(వాసు బల్ల వైపు తిరుగుతాడు. బాటిల్ దగ్గరికి వెళ్లి చేతిలోకి తీసుకుంటాడు. మూత తీస్తాడు. మెడ దాకా నీళ్లున్నాయి. మూత పెట్టేస్తాడు.)

చిట్టి రాతలో పెద్ద మాటలు ఉండకూడదని జాగ్రత్త పడ్డాను. "హక్కు", "సమానత్వం", "వ్యవస్థ" లాంటివి ఆరో తరగతి పిల్ల రాయదు. ఆ పిల్లకి తెలిసింది గొళ్లెం, కాపలా, నీళ్లు. తలనొప్పి ఎందుకో కూడా రాయలేదు, ఆ లెక్క ప్రేక్షకుడు వేసుకోవాలి. ఇక్కడ వాసుకి "అందుకేనా దానికి రోజూ తలనొప్పి!" అన్న మాట ఒకటి రాసి, కొట్టేశాను. బాటిల్ ఆ పని చేసేసింది.

బాటిల్ తప్పకుండా రంగులేనిదై ఉండాలి. స్టీలుదైతే నిండుగా ఉందో లేదో ఎవరికీ తెలియదు. సామాను జాబితాలో "లోపలి నీళ్లు కనపడే బాటిల్, మెడ దాకా నింపినది" అని రాశాను.

మంగళవారం

ముగింపు. పిల్లలందరూ హెడ్మిస్ట్రెస్‌ని రప్పించమన్నారు. ఆవిడ తలుపు చాటున అంతా విని, లోపలికొచ్చి, కళ్లు తుడుచుకుని, రేపే గొళ్లెం పెట్టిస్తానంటుంది. చప్పట్లు గ్యారంటీ అని ఒకడి వాదన. ఉండొచ్చు. కానీ పది నిమిషాలు ఇద్దరు పిల్లలు కొట్టుకున్నది చూసి, బయటి నుంచి వచ్చిన మూడో మనిషి తేల్చేస్తే, వాళ్ల కొట్లాటకి విలువేముంది? ఎవరు గొడవ మోశారో వాళ్లే దాన్ని తెంపాలి. తెంపినందుకు వాళ్లకి ఏదో ఒకటి పోవాలి కూడా.

సుధ తిరగరాస్తే? ఆమె మొదటి నుంచీ కాగితం ఉండాలంటూనే ఉంది, ఆమెలో మారిందేమీ లేదు. మారింది వాసు. కాబట్టి పెన్ను వాసు చేతికి పోవాలి.

(తాత తలుపు దగ్గరికి వస్తాడు. చేతిలో తాళం.)

తాత: ఇంక చాలు, రండి. నా బస్సు పోతుంది.

వాసు: పెన్నివ్వు.

సుధ: నేను రాస్తాలే. రేపు నీకు మెడల్...

వాసు: పెన్నివ్వు.

(సుధ ఇస్తుంది. వాసు కుర్చీలో కూర్చుని తెల్లకాగితం లాక్కుంటాడు. రెండు సగాలూ పక్కపక్కన పెట్టి రాయడం మొదలుపెడతాడు.)

తాత: పొద్దున్నే వచ్చి రాసుకోకూడదా బాబూ?

వాసు: పొద్దునైతే రాయను తాతా.

ఈ ఆఖరి మాట కోసం చాలాసేపు కూర్చున్నాను. మొదట వాసుకి అక్కడ ఐదు లైన్ల మాట ఉండేది, తన మనసు ఎలా మారిందో చెబుతూ. ధైర్యం తెల్లారేదాకా నిలవదని అతనికి తెలుసు, ఈ ఒక్క లైనులో అది ఉంది. మిగతా నాలుగూ అక్కర్లేకపోయాయి.

రాయడానికి పట్టే సమయం ఒక సమస్య. పేరా మొత్తం నిజంగా రాస్తే నిమిషం పైనే ఖాళీగా పోతుంది. నకిలీగా పెన్ను ఆడిస్తే ముందు వరసకి తెలిసిపోతుంది. అందుకని వాసు రాస్తూండగా సుధ నేల మీద చెదిరిన కాగితాలు ఏరడం, బోర్డు దగ్గర నాలుగు పిన్నులూ చేతిలోకి తీసుకోవడం పెట్టాను. అతను నిజంగా రాసేది మొదటి రెండు వాక్యాలే. మిగతావి అదే కాగితం మీద సన్నని పెన్సిల్‌తో ముందే రాసి ఉంటాయి. బయటి నుంచి చిట్టి గొంతు ఒక్కసారి, "అన్నా, వెళ్దామా?" వాసు, "వస్తున్నా" అంటాడు. కాగితం తీసుకెళ్లి బోర్డుకి ఆనిస్తాడు. సుధ నాలుగు పిన్నులూ గుచ్చుతుంది. తాత లైటు ఆర్పుతాడు. చీకట్లో తాళం వేసిన చప్పుడు.

గురువారం

కూర్చుని చదివించాను, గడియారం పెట్టి. 9 నిమిషాల 40 సెకన్లు వచ్చింది. లేచి, వస్తువులతో చేయిస్తే 12 దాటింది. మాటలకి పట్టే సమయానికీ, స్టేజీ మీద పట్టే సమయానికీ ఈ తేడా ఎప్పుడూ ఉంటుంది. నడక, పిన్నులు, బాటిల్, రాయడం... ఇవి చదివేటప్పుడు ఒక లైను, చేసేటప్పుడు పది సెకన్లు. ఎక్కువ పనులున్న స్క్రిప్టుకి తేడా ఇంకా పెద్దదవుతుంది. 13 లోపలే ఉన్నాం గానీ, ఇది మొదటిసారి నడవడం. మాట మర్చిపోయే సమయం ఇంకా కలవలేదు. కోత పెట్టాలి.

తాత రెండోసారి వచ్చినప్పుడు అతనికి ఒక హాస్యపు ముక్క ఉంది, తాళాల గుత్తిలో సరైన తాళం వెతుక్కునేది. రిహార్సల్లో అందరూ పడీ పడీ నవ్వారు. అదే తీసేశాను. వాసు బాటిల్ మూత తీసి పెట్టిన వెంటనే ఆ నవ్వు వస్తే, ఆ బాటిల్ పోతుంది. తాత వేషం వేసే అబ్బాయి మొహం మాడింది. అదే ముక్కని అతని మొదటి రాకకి మార్చాను. అక్కడ నవ్వు వస్తే నష్టం లేదు, పైగా అది అయిపోయాక సుధ మళ్లీ చదవడం మొదలుపెట్టకపోవడానికి ఒక సాకు దొరుకుతుంది. మొదట్లో వాసు, సుధ బోర్డు అలంకరణ గురించి మాట్లాడుకునే అర పేజీ కూడా పోయింది. అది లేకపోయినా కథకి ఏం కాలేదు, అంటే అది మొదటి నుంచీ అనవసరమే.

శుక్రవారం

న్యాయనిర్ణేతలకి ఇచ్చే ప్రతి తయారవుతోంది. మొదటి పేజీలో పాత్రలు, వాళ్ల వయసులు, సామాను జాబితా, స్టేజీ బొమ్మ. మాటలు మామూలు అక్షరాల్లో, రంగసూచనలు బ్రాకెట్లలో వాలు అక్షరాల్లో. ఒక పేజీలో మొదలైన వాక్యం తర్వాతి పేజీకి విరగకుండా చూశాను, తెర పక్కన నిలబడి మాట అందించేవాళ్లకి అది చాలా అవసరం. వాళ్ల ప్రతిలో పిన్నుల చప్పుళ్లు, చిట్టి గొంతు, లైటు ఆర్పడం పక్కన ఎర్ర గీతలు పెట్టాను.

సుధ వేషం వేసే అమ్మాయి సాయంత్రం వచ్చి, "టీచర్, 'నువ్వసలు చదివావా?' అన్నది నాకు నోట్లోంచి రావట్లేదు. 'చదవనే లేదా?' అంటాను" అంది. పలికించి చూశాను. నా లైనులో దెప్పడం ఉంది. ఆమె లైనులో ఆశ్చర్యం ఉంది, అప్పటిదాకా వాసు చదివే వద్దంటున్నాడని సుధ నమ్మింది కదా. అన్ని ప్రతుల్లోనూ మార్చి, మళ్లీ ప్రింటుకి ఇచ్చాను. ఇప్పుడు మిగిలింది రంగులేని బాటిల్ వెతకడం, వాసుకి ఎడమ చేత్తో నాలుగో పిన్ను పీకడం అలవాటు చేయించడం.